లోడు దిగిన రోజు నుంచి బిల్లు చేతికి అందే రోజు దాకా: ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో ఆలస్యాన్ని కొలిచి తగ్గించే పద్ధతి

లారీ ట్రాన్స్‌పోర్ట్ నడిపేవాళ్లను డబ్బు ఎందుకు ఆడట్లేదని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే మాట: "పార్టీ లేటుగా కడుతోంది." కట్టడం లేటే కావచ్చు. కానీ ఏ పార్టీ అయినా గడువు లెక్కపెట్టేది మన బిల్లు వాళ్ల టేబుల్ మీదకు వచ్చిన రోజు నుంచే. లోడు దిగాక బిల్లు వాళ్లకు చేరడానికి మన దగ్గర పోయే రోజులు ఎవరి లెక్కలోకీ రావు. ట్యాలీలో బాకీల వయసు రిపోర్టు తీసినా అది బిల్లు తేదీ నుంచే మొదలవుతుంది. బిల్లే చేయని కిరాయి ఆ రిపోర్టులో అసలు కనిపించదు. డీజిల్, టోల్, బత్తా మాత్రం లోడు ఎక్కిన రోజే మన జేబులోంచి పోయి ఉంటాయి.

సరుకు అమ్మేవాళ్లకు ఈ సమస్య ఇంతగా ఉండదు. జీఎస్టీ ప్రకారం సరుకు గోడౌన్ దాటే సమయానికే వాళ్లు ఇన్‌వాయిస్ ఇవ్వాలి. రవాణా సేవ కాబట్టి, సేవ అందించిన 30 రోజుల్లోగా ఇన్‌వాయిస్ ఇస్తే చాలు. ఆ వెసులుబాటే మనకు అలవాటుగా మారిపోయింది. దానికి తోడు పీఓడీ, అంటే సరుకు అందినట్టు రుజువు కాగితం ఒకటి ఉంది. సరుకు దించుకున్నవాళ్లు సీలు వేసి సంతకం పెట్టిన లారీ రసీదు, అంటే ఎల్ఆర్ కాపీ చేతికి రాకుండా బిల్లు ఇస్తే పార్టీ తీసుకోదు. అందుకే ఈ ఆలస్యాన్ని ఎలా కొలవాలో, ఎలా తగ్గించాలో విజయవాడ నుంచి బండ్లు నడిపే ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు లెక్కతో చూద్దాం. పేర్లు ఇవ్వడం లేదు, అంకెలు లెక్క కోసం వేసుకున్నవి. జరిగే తీరు మాత్రం ఈ లైన్‌లో ఉన్నవాళ్లందరికీ తెలిసిందే.

1. ముందు నాలుగు తేదీలు రాయండి

ఒక ఎక్సెల్ షీటు తెరవండి. ఒక్కో ఎల్ఆర్‌కు ఒక్కో వరుస ఇవ్వండి. A కాలమ్‌లో ఎల్ఆర్ నంబరు, B లో పార్టీ, C లో కిరాయి రాయండి. తర్వాత నాలుగు తేదీలు: D లో లోడు దిగిన తేదీ, E లో పీఓడీ మన ఆఫీసుకు వచ్చిన తేదీ, F లో బిల్లు తేదీ, G లో పార్టీ బిల్లు తీసుకున్న తేదీ.

ఎల్ఆర్ నంబర్లను వరుసగా, ఒక్కటి కూడా వదలకుండా దింపాలి. బిల్లుల ఫైలు చూసి షీటు నింపితే బిల్లు అయిన ట్రిప్పులే షీటులోకి వస్తాయి. మనం వెతుకుతున్నది బిల్లు కానివాటిని. అందుకని ఎల్ఆర్ బుక్కు ముందు పెట్టుకుని నింపండి. రద్దయిన ఎల్ఆర్ ఉంటే పార్టీ కాలమ్‌లో రద్దు అని రాసేయండి.

లోడు దిగిన తేదీ అంటే పీఓడీ మీద సీలు పక్కన రాసి ఉన్న తేదీ. బండి గేటు దగ్గరికి చేరిన తేదీ వేరు, దిగిన తేదీ వేరు. మధ్యలో రెండు రోజులు హాల్టింగ్ పడి ఉండొచ్చు. చేరిన తేదీని హాల్టింగ్ లెక్క కోసం ఇంకో కాలమ్‌లో రాసుకోండి, ఇక్కడ కలపకండి. ఎల్ఆర్ తేదీని అయితే అసలు వాడకండి. విజయవాడ నుంచి హైదరాబాద్ బండికీ నాగ్‌పూర్ బండికీ దారిలో పట్టే రోజులు వేరు. ఎల్ఆర్ తేదీతో కొలిస్తే దూరం ప్రయాణం కూడా ఆఫీసు ఆలస్యంగా లెక్కలోకి వచ్చేస్తుంది.

ఇక G కాలమ్. బిల్లు మీద వేసిన తేదీకీ, పార్టీ అకౌంట్స్ విభాగం స్టాంపు వేసి తీసుకున్న తేదీకీ తేడా ఉంటుంది. గడువు లెక్క స్టాంపు నుంచే కాబట్టి స్టాంపు తేదీ రాయాలి. పోర్టల్‌లో ఎక్కించే పార్టీ అయితే అక్కడ అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు వచ్చిన తేదీ రాయండి. బిల్లు వెనక్కి వచ్చి మళ్లీ ఇస్తే, రెండోసారి తీసుకున్న తేదీయే అసలు తేదీ. మొదటిసారి తేదీ, వెనక్కి పంపిన కారణం పక్కన నోట్ చేయండి, తర్వాత పనికొస్తుంది.

2. ఆరు ట్రిప్పుల మీద లెక్క వేసి చూద్దాం

ఒకే పార్టీకి 2025 జూలైలో వెళ్లిన ఆరు ట్రిప్పులు ఇవి. తేదీలన్నీ జూలైవే. లెక్క తీస్తున్నది 31న.

| ట్రిప్పు | కిరాయి (రూ.) | దిగింది | పీఓడీ వచ్చింది | బిల్లు | పార్టీ తీసుకుంది |
|---|---|---|---|---|---|
| చెన్నై | 42,000 | 3 | 8 | 12 | 14 |
| బెంగళూరు | 48,000 | 5 | 16 | 19 | 21 |
| హైదరాబాద్ | 24,000 | 8 | 10 | 19 | 21 |
| నాగ్‌పూర్ | 66,000 | 9 | రాలేదు | కాలేదు | లేదు |
| చెన్నై (రెండోది) | 42,000 | 12 | 17 | 19 | 28 |
| బెంగళూరు (రెండోది) | 48,000 | 15 | 29 | కాలేదు | లేదు |

మామూలుగా ఆఫీసులో ఎవరైనా చేసే లెక్క ఇలా ఉంటుంది. పార్టీ తీసుకున్న నాలుగు బిల్లులు చూస్తే, దిగిన రోజు నుంచి 11, 16, 13, 16 రోజులు పట్టాయి. సగటు 14. రెండు వారాలే కదా, ఫర్వాలేదులే అనిపిస్తుంది.

ఇక్కడ మోసం ఎక్కడుందంటే, అన్నిటికంటే ఎక్కువ ఇరుక్కున్న రెండు ట్రిప్పులూ ఆ సగటులో లేవు. నాగ్‌పూర్ బండి దిగి అప్పటికే 22 రోజులు, రెండో బెంగళూరు బండికి 16 రోజులు. పూర్తయిన వాటినే లెక్కిస్తే, ఎంత ఎక్కువ బిల్లులు ఆగిపోతే సగటు అంత బాగున్నట్టు కనిపిస్తుంది. అందుకని పార్టీ ఇంకా తీసుకోని వాటికి లెక్క తీసే తేదీ వరకూ వయసు కట్టాలి. షీటులో ఇంకా జరగని వాటి తేదీ గడులను ఖాళీగా వదిలి, K1 గడిలో ఆ తేదీ వేసి, H కాలమ్‌లో ఇది పెట్టండి:

```
=IF(D2="","",IF(G2="",$K$1,G2)-D2)
```

ఇప్పుడు ఆరింటి సగటు 15.7 రోజులు. ఇంకో అడుగు ఉంది. 24 వేల కిరాయి ఒకరోజు ఆగడం, 66 వేల కిరాయి ఒకరోజు ఆగడం ఒకటి కాదు. ఎక్కువ డబ్బున్న ట్రిప్పుకు లెక్కలో ఎక్కువ బరువు ఇవ్వాలి:

```
=SUMPRODUCT(C2:C7,H2:H7)/SUMIFS(C2:C7,D2:D7,"<>")
```

దీంతో 16.4 రోజులు వస్తుంది. 14 అనుకున్నది 16.4 అయింది, పైగా రెండు ట్రిప్పుల మీటరు ఇంకా తిరుగుతూనే ఉంది. నేనైతే ఈ మూడో అంకెనే గోడ మీద రాసి పెట్టమంటాను. మిగతా రెండూ ఎవరికీ చూపించకపోయినా నష్టం లేదు.

దాని పక్కనే ఇంకొక అంకె ఉండాలి: దిగిపోయి కూడా బిల్లు కాని కిరాయి ఎంత.

```
=SUMIFS(C2:C7,D2:D7,"<>",F2:F7,"")
```

ఇక్కడ అది 1,14,000 రూపాయలు. మొత్తం కిరాయి 2,70,000లో ఇది 42 శాతం. బాకీల రిపోర్టులో ఈ డబ్బు జాడే ఉండదు.

3. ఆలస్యాన్ని మూడు ముక్కలు చేయండి

16.4 రోజులు అని తెలిసినంత మాత్రాన ఎవరిని ఏం అడగాలో తెలియదు. దిగిన రోజు నుంచి పీఓడీ వచ్చేదాకా ఒక ముక్క, పీఓడీ నుంచి బిల్లు దాకా రెండోది, బిల్లు నుంచి పార్టీ తీసుకునేదాకా మూడోది. ప్రతి ముక్కకూ కారణం వేరు, దాన్ని తగ్గించగలిగే మనిషీ వేరు.

మొదటి ముక్క చూడండి. చెన్నై బండ్లకు 5 రోజులు, హైదరాబాద్‌కు 2, బెంగళూరుకు 11, 14, నాగ్‌పూర్‌కు 22 దాటింది. దూరానికీ దీనికీ సంబంధం లేదని వెంటనే అర్థమవుతుంది. బెంగళూరు నుంచి కాగితం రావడానికి 14 రోజులు ఎందుకు? ఆ రెండూ బ్రోకర్ ద్వారా పెట్టిన బయటి బండ్లు. పీఓడీ బండి ఓనరు దగ్గర ఒక వారం, బ్రోకర్ ఆఫీసు సొరుగులో ఒక వారం ఉంటుంది. నాగ్‌పూర్ వెళ్లింది మన బండే. కానీ అక్కడ దిగగానే ఇండోర్‌కు రిటర్న్ లోడు దొరికింది. పీఓడీ డ్రైవర్ క్యాబిన్‌లోనే ఇండోర్ వెళ్లింది, అక్కడి నుంచి ఇంకెక్కడికో. బండికి లోడు దొరకడం సంతోషమే. దాంతోపాటు 66 వేల బిల్లు కూడా ఊళ్లు తిరుగుతోంది.

రెండో ముక్కలో బిల్లు తేదీల మీద వేలు పెట్టి చూడండి: 12, 19, 19, 19. క్యాలెండర్ తీస్తే రెండూ శనివారాలే. అంటే ఈ ఆఫీసులో బిల్లింగ్ గుమస్తా శనివారం మాత్రమే ఈ పార్టీ బిల్లులు చేస్తున్నాడు. ఎవరూ నిర్ణయం తీసుకుని పెట్టిన పద్ధతి కాదు, అలా జరిగిపోతోందంతే. బిల్లు తేదీలు వారంలో ఒకే రోజు మీద గుంపుగా పడుతున్నాయంటే సగటున మూడు నాలుగు రోజులు ఊరికే పోతున్నట్టే. ఇందులో హైదరాబాద్ ట్రిప్పు ఇంకా వింత. పీఓడీ 10న వచ్చింది, 12 శనివారం బిల్లు కావాలి, కాలేదు. రెండు రోజుల హాల్టింగ్ 3,000 రూపాయల మీద పార్టీతో తేలలేదు. ఆ మూడు వేల కోసం 24 వేల బిల్లు ఇంకో వారం ఆగింది.

మూడో ముక్కలో తీసుకున్న తేదీలు 14, 21, 21, 28, అన్నీ సోమవారాలు. పార్టీ బిల్లులు సోమవారమే తీసుకుంటుంది. రెండో చెన్నై బిల్లు 21న ఇస్తే బండి నంబరులో ఒక అంకె తప్పు పడిందని వెనక్కి ఇచ్చారు. సరిచేయడం అయిదు నిమిషాల పని. కానీ మళ్లీ గేటు తెరిచేది 28న.

4. పీఓడీని బండి నుంచి విడదీయండి

అన్నిటికంటే ఎక్కువ రోజులు పోతున్నది ఇక్కడే, కాబట్టి ముందు దీని సంగతి చూడాలి.

మన సొంత బండ్లకు నియమం ఒకటే: లోడు దిగిన గేటు దాటకముందే పీఓడీ ఫొటో ఆఫీసు వాట్సాప్‌కు రావాలి. ఫొటోలో కాగితం నాలుగు మూలలూ పడాలి. సీలు, సంతకం, తేదీ, ఎల్ఆర్ నంబరు చదవగలగాలి. తేదీ వేయకుండా సీలు ఒక్కటే కొట్టి పంపేస్తుంటారు. డ్రైవర్ గేటు దగ్గర ఉండగా చెబితే వెనక్కి వెళ్లి వేయించుకొస్తాడు. పది రోజుల తర్వాత చూస్తే ఎవరూ వేయరు. "రెండు బస్తాలు తడి" లాంటి రిమార్కు ఉంటే ఆ ఫొటో బిల్లింగ్‌కు కాకుండా నేరుగా మీకు రావాలి. ఆ తర్వాత, రిటర్న్ లోడు ఇంటివైపు కాకపోతే ఒరిజినల్‌ను అదే ఊళ్లో కొరియర్ చేయించండి. కొరియర్ ఖర్చు డ్రైవర్ ట్రిప్ షీటులో ఒక లైనుగా ఉండాలి. ఆ డబ్బు అతని జేబులోంచి పోయేలా ఉంటే ఎవరూ చేయరు.

బయటి బండ్లకు మన చేతిలో బ్యాలెన్స్ ఉంటుంది. కిరాయిలో ఎక్కువ భాగం అడ్వాన్సుగా వెళ్లిపోయినా, మిగిలింది పీఓడీ వచ్చాకే ఇవ్వడం వాడుకే. కానీ ఎన్ని రోజుల్లో తేవాలో ఎక్కడా రాసుకోం. బ్రోకర్‌తో ఇలా మాట్లాడండి: "ఒరిజినల్ పీఓడీ వారంలోపు మా ఆఫీసుకు వస్తే, వచ్చిన రోజే బ్యాలెన్స్ వేస్తాం. అంతకు మించితే మా నెలవారీ చెల్లింపులోనే." అయితే వచ్చిన రోజు వేస్తామన్నది మనం తప్పకుండా వేయాలి. రెండుసార్లు ఆలస్యం చేస్తే మూడోసారి పీఓడీ మళ్లీ సొరుగులోకే వెళుతుంది. సొంత డ్రైవర్ల జీతం, బత్తా దీనికోసం ఆపడం మాత్రం నాకు నచ్చదు. కాగితం తేవడం వాళ్ల పనే గానీ, సీలు వేసే గోడౌన్ మేనేజర్ వాళ్ల చేతిలో ఉండడు.

5. ఫొటో మీద బిల్లు తీసుకునేలా పార్టీతో మాట్లాడండి

ఇది ఒప్పిస్తే మిగతా పని సగమవుతుంది. ఎవరితో మాట్లాడతారన్నది ముఖ్యం. లోడు ఇచ్చే డిస్పాచ్ మేనేజరు "ఓకే, పంపండి" అంటాడు. అకౌంట్స్‌లో మాత్రం బిల్లు ఆగిపోతుంది. ఒరిజినల్ కావాలనే నియమం అకౌంట్స్‌ది. వాళ్ల భయం ఏమిటంటే, ఫొటో చూసి డబ్బు కట్టాక షార్టేజ్ బయటపడితే ఎలా అని. ఆ భయానికి జవాబు చెప్పకుండా అడిగితే కాదనే అంటారు.

మీ ఈమెయిల్‌లో ఇంత రాస్తే చాలు: "లోడు దిగిన మర్నాడు పీఓడీ స్కాన్‌తో బిల్లు పెడతాం. ఒరిజినల్ 15 రోజుల్లో అందిస్తాం. అందని ట్రిప్పుల కిరాయిని తర్వాతి చెల్లింపులో మినహాయించుకోవచ్చు. షార్టేజ్ ఏదైనా రిమార్కు ప్రకారం మామూలుగానే కోసుకోవచ్చు." రేట్ కాంట్రాక్ట్ రెన్యువల్ సమయంలో దీన్ని అందులోనే ఒక వాక్యంగా పెట్టించండి. ఆరు నెలలకు అకౌంట్స్ ఆఫీసరు మారినా మాట మారదు.

కొన్ని పార్టీలు ఏం చెప్పినా ఒప్పుకోవు. అప్పుడు కొరియర్ దారే మిగులుతుంది. ఆ రెండింటికీ తేడా ఎంతో కాసేపట్లో చూద్దాం.

6. బిల్లు ఏ రోజుది ఆ రోజే

శనివారం పద్ధతిని ఆపి, ఆ రోజు వచ్చిన పీఓడీలకు ఆ సాయంత్రమే బిల్లు చేయాలి. ఇది చెప్పగానే గుమస్తా "అన్నీ కలిపి ఒకే బిల్లు కావాలంటారు సార్ పార్టీవాళ్లు" అంటాడు. అది నిజమో కాదో పార్టీనే అడగండి. చాలాసార్లు వాళ్లకు కావాల్సింది ఒక కవరింగ్ స్టేట్‌మెంట్ మాత్రమే. బిల్లులు ఎన్ని ఉన్నా, పైన ఒక జాబితా పెడితే సరిపోతుంది.

రేటు వెతుక్కోవడంలో కూడా టైమ్ పోతుంది. డీజిల్ ధరను బట్టి మారే రేట్లు ఈమెయిళ్లలో ఎక్కడో ఉంటాయి. ఊరు, బండి సైజు, ఏ తేదీ నుంచి ఏ రేటు అన్నది ఒక షీటులో పెట్టి, లోడు ఎక్కిన రోజే ఎల్ఆర్ వరుసలో కిరాయి నింపేయాలి. బిల్లు చేసే రోజు కొత్తగా తెలుసుకోవాల్సింది ఏమీ ఉండకూడదు.

హాల్టింగ్, అదనపు డెలివరీ పాయింటు, అన్‌లోడింగ్ మామూళ్లలాంటి గొడవ ఉన్న మొత్తాలను అసలు కిరాయితో కలపకండి. కిరాయి బిల్లు వెంటనే వెళ్లిపోవాలి. హాల్టింగ్‌కు గేటు ఎంట్రీ కాపీ జతచేసి వేరే బిల్లు ఇవ్వండి. అది నెల పట్టినా పట్టనీ. ఒకవేళ అది రాకుండా పోయినా పోయేది మూడు వేలే.

బిల్లు వెళ్లే ముందు ఇంకొకరు చూడాలి. చేసిన మనిషికి తన తప్పు కనిపించదు. చూడాల్సినవి కొన్నే: బండి నంబరు ఎల్ఆర్‌తో కలుస్తోందా, బరువు కాటా స్లిప్‌తో కలుస్తోందా, పార్టీ వర్క్ ఆర్డర్ నంబరు ఉందా, వాళ్ల జీఎస్టీ నంబరు సరైన రాష్ట్రానిదేనా. ఒకే కంపెనీకి ఆంధ్రలో ఒక నంబరు, తెలంగాణలో ఒక నంబరు ఉంటాయి. పాత బిల్లు కాపీ చేసి కొత్తది తయారుచేసేటప్పుడు పొరపాటు పడేది ఇక్కడే. రవాణా ఏజెన్సీ బిల్లులో సరుకు బరువు, పంపినవాళ్ల, అందుకున్నవాళ్ల పేర్లు, బండి నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, పన్ను కట్టాల్సినవాళ్ల జీఎస్టీ నంబరు ఉండాలని జీఎస్టీ నియమాలే చెబుతున్నాయి. అవి లేవని వెనక్కి పంపితే పార్టీని తప్పుపట్టలేం. వెనక్కి వచ్చిన ప్రతి బిల్లుకూ కారణం షీటులో రాస్తూ పోతే, రెండు నెలల్లో రెండు మూడు కారణాలే మళ్లీ మళ్లీ వస్తున్నాయని తేలిపోతుంది.

7. పార్టీ గేటు ఎప్పుడు తెరుచుకుంటుందో చూసి పని అమర్చుకోండి

పై మార్పులతో అవే ఆరు ట్రిప్పులు ఎలా నడిచేవో చూద్దాం. పార్టీ సోమవారమే బిల్లులు తీసుకుంటుందన్నది మారలేదనుకోండి.

పార్టీ ఒరిజినలే కావాలంటోంది, కొరియర్‌లో నాలుగు రోజులకు వస్తోంది, వచ్చిన రోజు సాయంత్రమే బిల్లు. అప్పుడు ఆరు ట్రిప్పులకూ పట్టే రోజులు వరుసగా 11, 9, 6, 12, 9, 6. డబ్బు బరువుతో సగటు 9.2 రోజులు. మొదటి చెన్నై ట్రిప్పును గమనించండి. ముందూ 11, ఇప్పుడూ 11. పీఓడీ ఒక రోజు ముందే, 7న వచ్చినా, అది సోమవారం. సాయంత్రం బిల్లు అయ్యేసరికి గేటు మూసేశారు, మళ్లీ 14నే. నాగ్‌పూర్ కాగితం 13 ఆదివారం చేరి, ఆఫీసు తెరిచాక సోమవారం సాయంత్రం బిల్లయింది. దానికీ మరో వారం పోయింది. అంటే సోమవారం వచ్చిన పీఓడీలకు మాత్రం ఉదయమే బిల్లు చేసి మధ్యాహ్నంలోగా ఇచ్చేయాలి. మిగతా రోజుల్లో సాయంత్రమైనా ఫర్వాలేదు.

పార్టీ ఫొటోతో బిల్లు తీసుకుంటే, మామూలు రోజుల్లో మర్నాడు, శనివారం దిగితే ఆ సాయంత్రమే బిల్లు చేసేస్తే, రోజులు 4, 2, 6, 5, 2, 6. సగటు 4.1. ఇందులో దాదాపు అంతా సోమవారం కోసం ఎదురుచూడటమే. ఇక్కడి నుంచి ఆఫీసులో ఎంత పరుగెత్తినా తగ్గేది లేదు. వారానికి రెండు రోజులు తీసుకోమని అడగడమో, పోర్టల్‌లో ఎక్కించే వీలు కల్పించమనడమో చేయాలి.

పార్టీ డబ్బు కట్టే తేదీలు కూడా ఇలాగే లెక్కలోకి తీసుకోవాలి. కొందరు 20వ తేదీలోపు వచ్చిన బిల్లులను ఒక విడతలో, తర్వాతవాటిని తర్వాతి నెల విడతలో కడతారు. అలాంటి పార్టీకి బిల్లు 16కు బదులు 14న ఇస్తే పైసా ముందుకు రాదు. 21కి బదులు 20న ఇస్తే నెల ముందు వస్తుంది. అందుకని నెలలో 17 నుంచి 20 వరకూ బిల్లింగ్ బల్ల దగ్గర ముందు ఆ పార్టీ పీఓడీలే ఉండాలి.

8. ఎంత డబ్బు విడుదలవుతుందో లెక్కేయండి, ఎక్కువ ఊహించుకోకండి

ఈ ఆఫీసుకు అన్ని పార్టీలూ కలిపి నెలకు 60 లక్షల కిరాయి నడుస్తోందనుకుందాం. రోజుకు 2 లక్షలు. దిగిన రోజు నుంచి బిల్లు తీసుకునేదాకా 16 రోజులంటే 32 లక్షలు ఎప్పుడూ దారిలోనే ఉంటాయి. అది 9 రోజులకు వస్తే 14 లక్షలు చేతికి వస్తాయి.

ఈ 14 లక్షలు ఒక్కసారే వస్తాయి. ప్రతి ఏడూ రావు. లాభం కూడా కాదు, ముందే మనకు రావాల్సిన డబ్బే. ఏటా మిగిలేది దాని మీద వడ్డీ. బ్యాంకు ఓడీ అప్పు మీద 12 శాతం కడుతుంటే సంవత్సరానికి 1,68,000 రూపాయలు. ఫొటోలు చూడటానికి, రోజూ బిల్లు చేయడానికి అదనంగా ఒక మనిషిని పెట్టాలంటే ఈ వడ్డీతో పోల్చుకోండి, 14 లక్షలతో కాదు. ఈ ఆఫీసులో అయితే కొత్త మనిషి అక్కర్లేదు. శనివారం పనిని ఆరు రోజులకు పంచితే సరిపోతుంది. ఆ డబ్బు చేతికి రాగానే ఇంకో బండికి డౌన్ పేమెంట్ కట్టేస్తే మాత్రం మూడు నెలల్లో మళ్లీ డీజిల్ బంకులో అప్పు మొదలవుతుంది. ముందు ఓడీ తగ్గించడం మేలు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థ అయితే చట్టం కూడా ఒకటుంది. ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం పార్టీ డబ్బు కట్టడానికి ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. గమనించాల్సింది ఏమిటంటే, ఆ రోజులు మొదలయ్యేది సేవ అందిన రోజు నుంచి, బిల్లు తేదీ నుంచి కాదు. పార్టీ 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, అది తేలిన రోజు నుంచి. కాగితం మీద ఇది మనకు అనుకూలమే. కానీ బిల్లే 40వ రోజున ఇచ్చి, మరో అయిదు రోజుల్లో కట్టమని ఏ అకౌంట్స్ మేనేజర్‌నీ అడగలేం. 4వ రోజున స్టాంపు పడిన బిల్లు చేతిలో ఉంటే అప్పుడు మాట్లాడటానికి వీలుంటుంది.

9. వారానికోసారి చూడాల్సినవి

శుక్రవారం సాయంత్రం షీటులో, దిగి 7 రోజులు దాటినా బిల్లు కాని ట్రిప్పులను కిరాయి ఎక్కువ నుంచి తక్కువకు పేర్చండి. పై అయిదింటికి ఒక్కోదానికీ కాగితం ఇప్పుడు ఎవరి దగ్గరుందో ఒక పేరు రాయండి. "ప్రాసెస్‌లో ఉంది" అన్నది పేరు కాదు. డ్రైవరా, బ్రోకరా, బిల్లింగా, పార్టీ అకౌంట్సా తేలాలి. 20 రోజులు దాటిన ట్రిప్పుకు డూప్లికేట్ పీఓడీ మొదలుపెట్టేయండి. సరుకు దించుకున్న గోడౌన్ దగ్గర వాళ్ల కాపీ మీద మళ్లీ సీలు వేయించుకోవడమో, పార్టీ అడిగితే ఇండెమ్నిటీ బాండ్ ఇవ్వడమో చేయాలి. దీనికే రోజులు పడతాయి. కాబట్టి పోయిందని ఖాయమయ్యేదాకా ఆగకండి. జీఎస్టీ 30 రోజుల గడువు కూడా దగ్గర పడుతుంటుంది. పై లెక్కలో 9న దిగిన నాగ్‌పూర్ ట్రిప్పుకు అది ఆగస్టు 8.

అంకెలు తగ్గడం మొదలయ్యాక ఒక సంగతి మీద కన్నేసి ఉంచండి. రోజులు తగ్గించమని గట్టిగా అడిగితే, బండి దిగకముందే బిల్లు చేసేయడం, సరిచూడకుండా పంపేయడం, పాత తేదీ వేయడం మొదలవుతాయి. H కాలమ్ స్టాంపు తేదీతో లెక్క కాబట్టి పాత తేదీ వేసినా లాభం ఉండదు. మిగతా రెండూ వెనక్కి వచ్చే బిల్లుల రూపంలో బయటపడతాయి. వందకు ఎన్ని బిల్లులు వెనక్కి వస్తున్నాయన్నది 16.4 రాసిన గోడ మీదే, దాని కిందే రాయండి. రోజులు తగ్గుతూ ఇది పెరుగుతుంటే, రెండో మనిషి బిల్లు చూడటం మానేశాడని అర్థం.

ఒక పార్టీ బిల్లులు 5 రోజుల్లోనే చేరుతున్నా డబ్బు ముందులాగే 70 రోజులకు వస్తుంటే, అప్పుడది నిజంగా పార్టీ ఆలస్యం. ఆ సంగతి కిరాయి రేటు మాట్లాడేటప్పుడు తేల్చుకోవాల్సింది, బిల్లింగ్ బల్ల దగ్గర కాదు.